బీఎస్‌ఈలో పేరుంది, షేరు లేదు: ఒక పబ్లిక్ కంపెనీ లిస్టెడా కాదా తేల్చిన తీరు

2025 మే నెలలో హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ లిమిటెడ్ షేరు ఒక్కోటి 1,200 రూపాయల పైమాటకు అన్‌లిస్టెడ్ షేర్ల డీలర్ల దగ్గర చేతులు మారుతోంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు అనుబంధ సంస్థ కాబట్టి పేరు మీద అనుమానం ఎవరికీ లేదు. కొనేవాళ్లలో చాలామంది వేసుకోని ప్రశ్న ఒక్కటే: ఈ షేరు ఏదైనా స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో లిస్టయి ఉందా?

అప్పట్లో ఆ కంపెనీ కాగితాలు తిరగేస్తే "లిస్టెడే" అనిపించే ఆనవాళ్లు ఐదు కనిపించేవి. పేరు చివర ప్రైవేట్ అన్న మాట లేకుండా లిమిటెడ్ అని మాత్రమే ఉంది. 94 శాతానికి పైగా వాటా ఉన్న మాతృసంస్థ లిస్టెడ్ బ్యాంకు. షేర్లకు ఐఎస్‌ఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉంది, డీమ్యాట్ ఖాతాలోకి వస్తాయి. బీఎస్‌ఈ వెబ్‌సైట్లో పేరు కొడితే కంపెనీ కనబడుతుంది. మూడు నెలలకోసారి ఫలితాలు కూడా ఎక్స్‌ఛేంజ్‌కు అందుతున్నాయి. ఈ ఐదూ నిజాలే. అయినా ఆ నెలలో అది అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీ. ఐదు నిజాలు కలిసి ఒక తప్పు అభిప్రాయానికి ఎలా దారి తీస్తాయో, దాన్ని పది నిమిషాల్లో ఎలా సరిచూసుకోవచ్చో చూపించడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు. పైగా జులై 2న అదే కంపెనీ లిస్టయింది కాబట్టి, ముందు ఎలా ఉంది, తర్వాత ఏం మారిందన్నది పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

పబ్లిక్ అంటే ఏమిటి, లిస్టెడ్ అంటే ఏమిటి

ఈ రెండు మాటలూ రెండు వేర్వేరు సంగతులు చెబుతాయి. షేరు స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో ట్రేడింగ్‌కు చేరితే అది లిస్టెడ్. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ కంపెనీ కానిది పబ్లిక్ కంపెనీ. ప్రైవేట్ కంపెనీ తన నియమావళిలోనే షేర్ల బదిలీకి ఆంక్షలు పెట్టుకుంటుంది, సభ్యుల సంఖ్యను 200కు పరిమితం చేసుకుంటుంది, తన షేర్లు, డిబెంచర్ల వంటి సెక్యూరిటీలు కొనమని జనాన్ని పిలవకూడదు. ఈ కట్టుబాట్లు లేనిది పబ్లిక్ కంపెనీ. దానికి కనీసం ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి. ఈ నిర్వచనంలో స్టాక్ ఎక్స్‌ఛేంజ్ ప్రస్తావనే లేదు. ఏడుగురు కలిసి ఈ రోజు ఒక పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ పెట్టి, జీవితకాలం ఎక్స్‌ఛేంజ్ గడప తొక్కకుండా నడుపుకోవచ్చు. దేశంలో పబ్లిక్ కంపెనీల్లో ఎక్కువ భాగం అలాంటివే.

ఒక పబ్లిక్ కంపెనీ అనుబంధ సంస్థను కూడా చట్టం పబ్లిక్ కంపెనీగానే చూస్తుంది, దాని నియమావళి ప్రైవేట్ కంపెనీదిలా ఉన్నా సరే. కానీ లిస్టింగ్‌కు అలాంటి వారసత్వం లేదు. బ్యాంకు షేరు లిస్టయినంత మాత్రాన దాని అనుబంధ సంస్థ షేరు లిస్టయినట్టు కాదు. మొదటి రెండు ఆనవాళ్లూ ఇక్కడే వీగిపోతాయి.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది. పబ్లిక్ కంపెనీ అనగానే ప్రభుత్వ రంగ సంస్థ అనుకునేవాళ్లు తక్కువేం కాదు. విశాఖ ఉక్కును నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్, సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ రెండూ ప్రభుత్వాల చేతిలోని సంస్థలే, రెండింటి పేర్లలోనూ లిమిటెడ్ ఉంది, రెండింటి షేర్లూ ఏ ఎక్స్‌ఛేంజ్‌లోనూ లేవు. ఎన్‌ఎండీసీ కూడా ప్రభుత్వ రంగ సంస్థే, హైదరాబాద్ కేంద్రంగానే నడుస్తుంది, దాని షేరు మాత్రం లిస్టయింది. యజమాని ఎవరన్నది ఒక ప్రశ్న, షేరు ఎక్కడ ట్రేడవుతోందన్నది వేరే ప్రశ్న.

మొదటి చూపు: సీఐఎన్

ప్రతి కంపెనీ తన లెటర్‌హెడ్ మీద, బిల్లుల మీద, నోటీసుల మీద కార్పొరేట్ గుర్తింపు సంఖ్య ముద్రించాలని చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. 21 అక్షరాల ఈ సంఖ్యనే సీఐఎన్ అంటాం. 2025 జూన్‌లో వచ్చిన ప్రాస్పెక్టస్ మీద హెచ్‌డీబీ సీఐఎన్ ఇలా ఉంది. చదవడానికి వీలుగా ముక్కలు చేసి చూపిస్తున్నాం, అసలు కాగితం మీద ఖాళీలు లేకుండా కలిసే ఉంటుంది.

```
U 65993 GJ 2007 PLC 051028
```

మొదటి అక్షరం `U` అయితే అన్‌లిస్టెడ్, `L` అయితే లిస్టెడ్. తర్వాతి ఐదంకెలు వ్యాపారం ఏ రంగానిదో చెబుతాయి. `GJ` అంటే రిజిస్టర్డ్ ఆఫీసు గుజరాత్‌లో ఉందని, 2007 అంటే పుట్టిన సంవత్సరమని అర్థం. `PLC` అంటే పబ్లిక్ కంపెనీ. ప్రైవేట్ అయితే ఆ చోట `PTC` ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ కంపెనీకి `GOI`, రాష్ట్ర ప్రభుత్వ కంపెనీకి `SGC` వేస్తారు. అందుకే విశాఖ ఉక్కు, సింగరేణి సంఖ్యల్లో `PLC` కోసం వెతికితే దొరకదు. చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబరు.

అంటే మనకు కావలసిన రెండు ప్రశ్నలకూ ఈ ఒక్క సంఖ్యలోనే రెండు జవాబులున్నాయి. పబ్లిక్కా ప్రైవేటా అన్నది మధ్యలోని మూడక్షరాలు చెబుతాయి, లిస్టెడా కాదా అన్నది మొదటి అక్షరం చెబుతుంది. హెచ్‌డీబీ విషయంలో `PLC`, `U` కలిసి ఉన్నాయి కాబట్టి అప్పటికి అది అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీ.

లిస్టయినప్పుడు మారేది ఆ మొదటి అక్షరమే. హైదరాబాద్ కంపెనీ గ్లాండ్ ఫార్మా 2020 నవంబర్ 20న లిస్టయింది. ముందూ తర్వాతా దాని సంఖ్య చూడండి.

```
U24239TG1978PLC002276
L24239TG1978PLC002276
```

ఒక్క అక్షరం తప్ప తేడా లేదు. మన రాష్ట్రాల కంపెనీల పాత కాగితాల్లో ఇంకో మార్పు కూడా కనబడుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఉన్న కంపెనీల సంఖ్యల్లో `AP` పోయి `TG` వచ్చింది. డాక్టర్ రెడ్డీస్ పాత వార్షిక నివేదికల్లో `L85195AP1984PLC004507` అని, కొత్తవాటిలో `L85195TG1984PLC004507` అని ఉంటుంది. పాత షేర్ సర్టిఫికెట్ పట్టుకుని వెతికేటప్పుడు `AP` అని కొట్టి, కంపెనీయే లేదనుకుని వదిలేయకండి. సంవత్సరం, చివరి ఆరంకెలు కలుస్తున్నాయో లేదో చూడండి.

లెటర్‌హెడ్ మీదున్న సంఖ్యను యథాతథంగా నమ్మకూడదు. అచ్చు వేయించేది కంపెనీయే. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్ `mca.gov.in`లో `MCA Services` కింద `Master Data` విభాగంలో కంపెనీ పేరో సీఐఎన్నో ఇచ్చి సరిచూసుకోవాలి. ముందుగా ఉచితంగా ఖాతా తెరిచి లాగిన్ కావాలి. అక్కడ కంపెనీ పబ్లిక్కా ప్రైవేటా, లిస్టెడా కాదా, ఇంకా నడుస్తోందా లేక రిజిస్టర్ నుంచి కొట్టేశారా, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ తేదీది అన్న వివరాలు ఉంటాయి. చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ రెండు మూడేళ్ల వెనకది అయితే మిగతా ఏ వివరాన్నీ తాజాదిగా తీసుకోకండి. ఆ రికార్డును ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం.

పేరుతో కాకుండా సీఐఎన్‌తో వెతకమని గట్టిగా చెబుతాను. ఒకే గ్రూపులో ఫైనాన్స్ లిమిటెడ్, ఫిన్‌కార్ప్ లిమిటెడ్, ఫైనాన్షియల్ సర్వీసెస్ ప్రైవేట్ లిమిటెడ్ అని మూడు కంపెనీలుంటే, మొదటిది లిస్టెడ్ అన్న మాట మూడోదాని షేరు అమ్మడానికి వాడుకోవడం మామూలే.

అసలు తీర్పు ఎక్స్‌ఛేంజ్‌ది

సీఐఎన్ మొదటి అక్షరం మంచి సూచన, అంతవరకే. అది దానంతటదే మారదు, కంపెనీ లిస్టయ్యాక రిజిస్ట్రార్ రికార్డులో మార్పు జరిగాకే మారుతుంది. కొత్తగా లిస్టయిన కంపెనీకి కొన్నాళ్లు `U` మిగిలిపోవచ్చు. డీలిస్టయిన, అంటే ఎక్స్‌ఛేంజ్ నుంచి షేరు తొలగిపోయిన కంపెనీకి ఏళ్ల తరబడి `L` ఉండిపోవచ్చు. షేరు ట్రేడవుతోందా లేదా అన్న ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఎక్స్‌ఛేంజ్ దగ్గరే దొరుకుతుంది.

హెచ్‌డీబీ కేసులో ఎక్కువమంది తడబడింది ఇక్కడే. బీఎస్‌ఈలో పేరు వెతికితే ఫలితాలు వచ్చేవి. కానీ అవన్నీ కంపెనీ జారీ చేసిన నాన్‌కన్వర్టబుల్ డిబెంచర్లు, అంటే అప్పు పత్రాలు. వాటిని బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్ల వంటి పెద్ద పెట్టుబడిదారులకు ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో అమ్మి, డెట్ విభాగంలో లిస్ట్ చేశారు. షేరు ఆ జాబితాలో లేదు.

ఏది షేరో ఏది డిబెంచరో తెలుసుకోవడానికి ఐఎస్‌ఐఎన్ చదవడం నేర్చుకుంటే చాలు. హెచ్‌డీబీ ఈక్విటీ షేరుది ఇది:

```
INE756I01012
```

`INE` అంటే భారతదేశంలోని కంపెనీ జారీ చేసింది. `756I` ఈ కంపెనీ గుర్తు. ఆ తర్వాత వచ్చే రెండంకెలే మనకు కీలకం. `01` అంటే ఈక్విటీ షేరు, `07` అంటే డిబెంచరు, `14` అంటే కమర్షియల్ పేపరు. మిగిలిన మూడింటిలో రెండు వరుస సంఖ్య, చివరిది తనిఖీ అంకె. 2025 మేలో బీఎస్‌ఈలో `INE756I07`తో మొదలయ్యేవి చాలానే కనిపించేవి, `INE756I01012` మాత్రం ట్రేడింగ్‌లో లేదు. ఐఎస్‌ఐఎన్‌లో ఎనిమిది, తొమ్మిది స్థానాలు చూస్తే సంగతి అక్కడే తేలిపోయేది.

పేరు చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. డిబెంచర్ల పేర్లలో వడ్డీ రేటు, తీరే సంవత్సరం కలిసి ఉంటాయి. బీఎస్‌ఈలో ఈక్విటీ స్క్రిప్ కోడ్ మామూలుగా 5తో మొదలవుతుంది, డెట్ కోడ్ 9తో మొదలవుతుంది. పేజీలో షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్, రోజువారీ వాల్యూమ్ ఉంటే ఈక్విటీ. అవేమీ లేకుండా వడ్డీ చెల్లింపు తేదీలు, క్రెడిట్ రేటింగ్ కనబడితే మీరు అప్పు పత్రం పేజీలో ఉన్నట్టు.

త్రైమాసిక ఫలితాల సంగతీ ఇంతే. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన లిస్టింగ్ నిబంధనల్లో షేరు లిస్టయిన కంపెనీ 33వ రెగ్యులేషన్ కింద ఫలితాలిస్తుంది. డెట్ మాత్రమే లిస్టయిన కంపెనీ 52వ రెగ్యులేషన్ కింద ఇస్తుంది. ఫలితాల పైన జతచేసే లేఖలో, మొదటి పేరాలోనే ఏ రెగ్యులేషన్ కింద ఇస్తున్నారో రాస్తారు. హెచ్‌డీబీ లిస్టింగ్‌కు ముందు ఇచ్చినవి 52 కిందవి. ఆ ఒక్క అంకె చూసినవాళ్లకు ఫలితాల పేజీ భ్రమ కల్పించలేదు.

ఎన్‌ఎస్‌ఈలో చూసేవాళ్లకు ఇంకా తేలిక. మెయిన్ బోర్డు షేర్ల జాబితాను ఎన్‌ఎస్‌ఈ `EQUITY_L.csv` అనే ఫైలుగా ఇస్తుంది. అందులో సింబల్, కంపెనీ పేరు, సిరీస్, లిస్టయిన తేదీ, ఐఎస్‌ఐఎన్ అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. దింపుకున్న ఫైల్లో ఇలా వెతకవచ్చు, ఎక్సెల్‌లో తెరిచి వెతికినా ఇదే పని.

```
grep INE756I01012 EQUITY_L.csv
```

2025 జూన్ నాటి ఫైల్లో ఈ వెతుకులాటకు ఏమీ రాదు. జులై 2 తర్వాతి ఫైల్లో `HDBFS` అనే సింబల్‌తో వరుస వస్తుంది. ఏమీ రాకపోతే వెంటనే అన్‌లిస్టెడ్ అని రాసేయకండి. చిన్న కంపెనీల ఎస్ఎంఈ విభాగానికి విడి జాబితా ఉంది, బీఎస్‌ఈలో మాత్రమే ఉన్న షేర్లు ఎన్‌ఎస్‌ఈ ఫైల్లో రావు. ఈ మూడు చోట్లా లేదని చూశాకే లేదని చెప్పాలి.

ఒకే కంపెనీకి రెండు చట్టాల్లో రెండు జవాబులు

హెచ్‌డీబీ డిబెంచర్లు ఎక్స్‌ఛేంజ్‌లో ఉంటే షేరు లిస్టవ్వకముందు దాని సీఐఎన్ `U`తో ఎందుకుంది, కేంద్రం రికార్డు తప్పా అని అడగవచ్చు. తప్పు కాదు. కంపెనీల చట్టంలో మూల నిర్వచనం ప్రకారం ఏ ఒక్క సెక్యూరిటీ లిస్టయినా అది లిస్టెడ్ కంపెనీయే. కానీ 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నియమం కొన్నిటిని ఆ నిర్వచనం నుంచి తప్పించింది. ఈక్విటీ లిస్ట్ చేయకుండా, ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో అమ్మిన డిబెంచర్లను మాత్రమే లిస్ట్ చేసిన పబ్లిక్ కంపెనీ ఇప్పుడు కంపెనీల చట్టం దృష్టిలో లిస్టెడ్ కంపెనీ కాదు. సెబీ నిబంధనల్లో మాత్రం అది లిస్టెడ్ ఎంటిటీయే, డెట్‌కు సంబంధించిన బాధ్యతలన్నీ మోయాల్సిందే.

కాబట్టి "బీఎస్‌ఈలో లిస్టయిన సంస్థ" అని బ్రోషర్‌లో రాసుకుంటే అది అబద్ధమని నిరూపించలేం. కానీ షేరు కొనేవాడికి ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు. ఈ మినహాయింపు ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌కే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. డిబెంచర్లను పబ్లిక్ ఇష్యూలో జనానికి అమ్మి లిస్ట్ చేసిన కంపెనీ, దాని షేరు ఎక్కడా ట్రేడ్ కాకపోయినా, చట్టం దృష్టిలో లిస్టెడ్ కంపెనీయే. బంగారం తాకట్టు వ్యాపారం చేసే ఫైనాన్స్ కంపెనీల్లో ఇలాంటివి కనబడతాయి.

అందుకే "ఈ కంపెనీ లిస్టెడా?" అన్న ప్రశ్నే అసంపూర్ణం. "ఈ కంపెనీ జారీ చేసిన ఏ సెక్యూరిటీ, ఏ ఎక్స్‌ఛేంజ్‌లో, ఏ తేదీ నాటికి లిస్టయి ఉంది?" అని అడగాలి. షేరు కొనబోతున్నవాడికి ఒక జవాబు కావాలి, ఆడిటర్‌కు మరొకటి కావాలి, రెండూ ఒకటి కాకపోవచ్చు.

డీమ్యాట్ ఎందుకు రుజువు కాదు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. "షేర్లు మీ డీమ్యాట్‌లో పడ్డాక డబ్బివ్వండి" అంటే చాలామందికి భరోసా వచ్చేస్తుంది. 2018 అక్టోబర్ 2 నుంచి అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీలు కూడా కొత్త సెక్యూరిటీలను డీమ్యాట్ రూపంలోనే ఇవ్వాలి, పాతవాటి బదిలీ కూడా డీమ్యాట్‌లోనే జరగాలి. అందుకని చాలా అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీలకు ఐఎస్‌ఐఎన్ ఉంటుంది. డిపాజిటరీ ఇచ్చే ఆ సంఖ్య, షేరు ఎలక్ట్రానిక్ రూపంలో ఉందని చెబుతుంది, అంతే. దానికి కొనేవాళ్లు ఉన్నారనో, ధర న్యాయమైనదనో చెప్పదు.

లావాదేవీ జరిగే తీరులోనూ తేడా ఉంది. ఎక్స్‌ఛేంజ్‌లో కొంటే మర్నాటికి షేర్లు వస్తాయి, అవతలివాడు ఇవ్వకపోతే క్లియరింగ్ కార్పొరేషన్ బాధ్యత పడుతుంది. అన్‌లిస్టెడ్ షేరును అమ్మేవాడి ఖాతా నుంచి మీ ఖాతాకు ఆఫ్‌మార్కెట్‌లో మారుస్తారు. డబ్బు ముందా షేరు ముందా అన్నది ఇద్దరి మధ్య నమ్మకం మీదే నడుస్తుంది. మధ్యలో హామీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. పబ్లిక్ కంపెనీల అన్‌లిస్టెడ్ సెక్యూరిటీలను కొనిపించే ఆన్‌లైన్ వేదికలకు తమ గుర్తింపు లేదని, వాటిలో లావాదేవీలు చేయవద్దని సెబీ 2024 డిసెంబర్‌లో హెచ్చరించింది కూడా.

లిస్టయ్యాక లెక్క

హెచ్‌డీబీకి లిస్టింగ్ తప్పనిసరి అయిన కారణం బహిరంగమే. రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్‌లో దాన్ని పై శ్రేణి ఎన్‌బీఎఫ్‌సీల, అంటే పెద్ద బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోకి వచ్చినవి మూడేళ్లలో లిస్టవ్వాలి. అంటే 2025 సెప్టెంబర్‌లోగా లిస్టింగ్ వస్తుందని అందరికీ తెలుసు. వస్తుందని తెలియడం వేరు, వచ్చి ఉండటం వేరు. డీలర్లు అమ్మింది ఆ ఎదురుచూపునే.

2025 జూన్ 25 నుంచి 27 వరకు ఐపీఓ నడిచింది. ధరల శ్రేణి 700 నుంచి 740 రూపాయలు. అంతకు ముందు నెలలో 1,200 చొప్పున వంద షేర్లు కొన్నవాళ్లు 1,20,000 పెట్టారు. అవే వంద షేర్లు ఐపీఓలో 74,000కు వచ్చాయి. జులై 2న 835 దగ్గర ట్రేడింగ్ మొదలైంది. ఆ ధరకు లెక్కేసినా విలువ 83,500, నష్టం 36,500.

ఆ నష్టానికైనా అమ్ముకుని బయటపడదామంటే కుదరదు. ఐపీఓకు ముందు నుంచీ షేర్లున్న ప్రమోటరేతరులకు, ఐపీఓలో షేర్లు కేటాయించిన తేదీ నుంచి ఆరు నెలల లాకిన్ ఉంటుంది. ఐపీఓలో 740కి కొన్న పక్కింటాయన జులై 2 ఉదయమే అమ్ముకోగలిగితే, నెల ముందు 1,200కు కొన్నాయన డిసెంబర్ చివరి దాకా తెర మీద ధర చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. అన్‌లిస్టెడ్ షేరు బేరమాడేటప్పుడు ఈ ఆరు నెలల మాట డీలర్ నోట రాదు, మీరే అడగాలి.

1,200 అన్న ధర ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గమనించాలి. అప్పట్లో 94 శాతానికి పైగా బ్యాంకు దగ్గరే ఉండేది. మిగిలిన కొద్దిపాటి షేర్లు ఎక్కువగా ఉద్యోగులకు ఇచ్చిన ఆప్షన్ల నుంచి బయటికొచ్చినవి. అమ్మేవాళ్లు కొద్దిమంది, కొనాలనుకునేవాళ్లు ఎక్కువమంది. ఆర్డర్ బుక్ లేదు, ఏ రోజు ఎన్ని షేర్లు ఏ ధరకు మారాయో బయటికి తెలిసే వీలు లేదు. డీలర్ చెప్పిందే ధర. లిస్టింగ్ జరిగినప్పుడు మొదట మారేది ఇదే: ధర నలుగురి కళ్లముందూ ఏర్పడుతుంది.

పన్ను దగ్గర కూడా తేదీ పట్టింపు ఉంది. లిస్టెడ్ షేరును 12 నెలలకు మించి ఉంచుకుంటే దీర్ఘకాలికం, అన్‌లిస్టెడ్ షేరుకైతే 24 నెలలు దాటాలి. ఏడాదిలో ఏ ఒక్క రోజు అన్‌లిస్టెడ్ ఈక్విటీ షేరు మీ పేరున ఉన్నా ఆ సంవత్సరానికి ఐటీఆర్-1 వేయడానికి వీల్లేదు. పింఛను తప్ప వేరే ఆదాయం లేని రిటైర్డ్ ఉద్యోగులు ఇక్కడ పొరబడుతుంటారు. పది షేర్లే కదా అనుకుని పాత ఫారమే వేస్తారు, అది లోపభూయిష్టమైన రిటర్న్ అవుతుంది.

తిరగేసిన కేసు: `L` ఉంది, ట్రేడింగ్ లేదు

హెచ్‌డీబీకి సరిగ్గా వ్యతిరేకమైన పరిస్థితి మన ఇళ్లలోని పాత ట్రంకు పెట్టెల్లో ఉంది. 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ గుర్తింపు 2007 ఆగస్టు 29 నుంచి రద్దయింది. సభ్యుల వాటాను గడువులోగా కనీసం 51 శాతం మేర బయటివాళ్లకు ఇవ్వలేకపోవడం దానికి కారణం. 1980లు, 90లలో ఇష్యూకి వచ్చి, ఆ ఒక్క ఎక్స్‌ఛేంజ్‌లోనే లిస్టయిన కంపెనీల షేర్లకు ఆ తర్వాత అంగడి లేకుండా పోయింది.

అలాంటి సర్టిఫికెట్ మీద "హైదరాబాద్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో లిస్టయినది" అని అచ్చులో ఉంటుంది. కేంద్రం రికార్డులో సీఐఎన్ `L`తోనే మొదలవుతూ ఉండొచ్చు. మార్చమని కంపెనీ అడగలేదు, అడిగే నాథుడూ లేడు. కానీ బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈల్లో వెతికితే ఏమీ రాదు. ఇక్కడ `L`ను నమ్మినవాళ్లు డీమ్యాట్ ఖాతా తెరిచి, కాగితాలు పంపి, నెలలు పోగొట్టుకుంటారు.

ఇలాంటి కాగితం చేతికొస్తే ముందు కేంద్రం రికార్డులో కంపెనీ స్థితి చూడండి. రిజిస్టర్ నుంచి కొట్టేసినా, లిక్విడేషన్‌లో ఉన్నా, వేరే కంపెనీలో విలీనమైనా అక్కడే తెలుస్తుంది. విలీనమైతే దారి మారుతుంది: ఎన్ని పాత షేర్లకు ఎన్ని కొత్త షేర్లు ఇచ్చారో చెప్పే ఆర్డరు కావాలి, ఆ కొత్త కంపెనీ బహుశా లిస్టెడ్ అయి ఉండొచ్చు. కంపెనీ నడుస్తూనే ఉంటే, గుర్తింపు పోయిన ప్రాంతీయ ఎక్స్‌ఛేంజ్‌ల కంపెనీల కోసం బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈలు నిర్వహించిన డిసెమినేషన్ బోర్డుల జాబితాలో పేరుందేమో చూడాలి. ఆ బోర్డులోని కంపెనీలు 2016 అక్టోబర్ నాటి సెబీ సర్క్యులర్ ప్రకారం రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. దేశస్థాయి ఎక్స్‌ఛేంజ్‌లో లిస్టవ్వడం ఒకటి, చిన్న షేర్‌హోల్డర్లకు ప్రమోటర్లు డబ్బిచ్చి బయటికి పంపడం రెండోది. మీ కంపెనీ ఏది ఎంచుకుందో, ఏ ధర ప్రకటించిందో ఆ జాబితాలో, కంపెనీ ఫైలింగుల్లో దొరుకుతుంది. ఫైలింగులు చూడటానికి కేంద్రం పోర్టల్‌లో కంపెనీకి 100 రూపాయలు కట్టాలి.

బీఎస్‌ఈలో పేరు కనబడి ధర మాత్రం ఏళ్లుగా కదలకపోతే అది సస్పెండయిన షేరు కావచ్చు. సస్పెన్షన్‌లో ఉన్నది ఇంకా లిస్టెడ్ షేరే, కానీ అమ్మడానికి వీల్లేదు. డీలిస్టయినది అసలు లిస్టెడ్ కాదు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్ల ఒక అవకాశం చేజారుతుంది: ప్రమోటర్లు తమంతట తాము డీలిస్ట్ చేసుకున్నప్పుడు, మిగిలిపోయిన చిన్న షేర్‌హోల్డర్లు డీలిస్టయిన తేదీ నుంచి ఏడాది వరకు అదే నిష్క్రమణ ధరకు తమ షేర్లు ప్రమోటర్‌కు ఇచ్చేయవచ్చు. డీలిస్టింగ్ నోటీసు ఎక్స్‌ఛేంజ్ వెబ్‌సైట్లో తేదీతో సహా ఉంటుంది. ఆ ఏడాది ఇంకా నడుస్తోందా, ముగిసిపోయిందా అన్నది ఆ తేదీ నుంచి లెక్కపెట్టుకుని, నడుస్తుంటే వెంటనే కంపెనీ షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్ అండ్ ట్రాన్స్‌ఫర్ ఏజెంటుకు ఫోలియో నంబరుతో రాతపూర్వకంగా దరఖాస్తు పంపాలి.